పెద్దమ్మ వేళ్ళు, రెండో పరీక్ష

మొదటి పరీక్షలో పెద్దమ్మ తప్పింది. నిమిషానికి ముప్పై మాటలు కొట్టాలి, ఆమె పద్నాలుగు కొట్టింది. ఇరవై ఏడేళ్ళుగా ఆ ఆఫీసులో టైపు కొడుతున్న మనిషి. ఆమె కొట్టిన ఉత్తరం తిరిగి చదవకుండానే సంతకం పెట్టొచ్చని ముగ్గురు అధికారులు ఒకరి తరవాత ఒకరు అన్న మనిషి.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ వైపే చూస్తోంది. అవి ఎవరివో అన్నట్టు చూస్తోంది.

"ఏమైంది పెద్దమ్మా?" అన్నాను.

"ఏమవుతుందే. ఇన్నేళ్ళ పనీ బూడిదలో పోసిన పన్నీరైంది. పదహారు రోజుల్లో ఇంకోసారి పెడతారట. అదే ఆఖరు. అదీ పోతే తపాలా సెక్షన్."

తపాలా సెక్షన్ అంటే కవర్లు అతికించి ముద్రలు వేసే చోటు. ఆఫీసు భవనం వెనక, కిటికీ లేని గది. జీతం తగ్గదు. కానీ టైపిస్టమ్మ అన్న పిలుపు పోతుంది. నాలుగేళ్ళలో రిటైరయ్యే మనిషికి ఆ పిలుపుతో పనేంటని పక్కింటావిడ అంది. పెద్దమ్మ ఆవిడతో రెండు రోజులు మాట్లాడలేదు.

అమ్మ జబ్బుతో మంచాన పడినప్పుడు నేను పదో తరగతితో బడి మానేశాను. అమ్మ పోయాక పెద్దమ్మ దగ్గరికి వచ్చేశాను. ఆమెకు పెళ్ళి లేదు, పిల్లలు లేరు, పొద్దున తొమ్మిదింటికి వెళ్తే సాయంత్రం ఆరింటికి వస్తుంది. అందుకని వంటా, ఇల్లూ నావి. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. చూడటం మాత్రం వచ్చు. ఈ సంగతంతా అలా చూసిందే.

ఆఫీసులో టైపు మెషిన్లు తీసేసి కంప్యూటర్లు పెట్టి అప్పటికి ఆరు వారాలు. శిక్షణకు వచ్చినాయన అందరికీ ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు నేర్పాడు. అచ్చులూ వాటి గుర్తులూ ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు. పొల్లుకు ఎడమచేతి నడిమి వేలి కింద మీట. ఒత్తు కావాలంటే ముందు అక్షరం, తరవాత పొల్లు, తరవాత ఒత్తు కావలసిన అక్షరం. పలికే వరసలోనే కొట్టాలి. తెలివైన అమరికే. నేను పెద్దమ్మ తెచ్చిన కాగితం చూసి వంటింటి బల్ల మీద వేళ్ళతో ఆడుకుంటుంటే మూడు రోజుల్లో సగం వచ్చేసింది.

పెద్దమ్మకు రాలేదు. ఎందుకు రాలేదో ఆమె తప్పిన కాగితం చూస్తే తెలిసింది. పరీక్షలో వచ్చిన తప్పులన్నిటినీ ఎర్రగా గీసి ఇచ్చారు. 'పత్రం' అని ఉన్న ప్రతిచోటా 'ప్రతం' అని ఉంది. 'ప్రభుత్వం' ముందు ర ఒత్తు దిక్కులేనిదై ఒక చుక్కల సున్నాకు వేలాడుతోంది.

"ఇదేంటి పెద్దమ్మా, ర ఒత్తు ముందుకొచ్చేసింది?"

"మెషిన్ మీద క్రావడి ముందు కొట్టాలే. క్రావడి కొడితే కాగితం పట్టుకున్న బండి కదలదు. అది కాగితం మీద పడ్డాక, దాని ఒళ్ళో అక్షరం కొడతాం. ఇందులో అక్షరం ముందట, పొల్లు మధ్యలో అట, ర వెనకాలట. నా వేలు ఊరుకుంటేగా! నేను వద్దనే లోపే వెళ్ళి కొట్టేస్తోంది."

అంటే 'త' మీద పడవలసిన క్రావడి ముందే పడి, వెనకున్న 'ప'ను పట్టుకుంటోంది. వేలు తప్పు చేయలేదు. ఇరవై ఏడేళ్ళు ఒప్పు అయినదాన్నే చేసింది.

మర్నాడు పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని వీధి చివర జిరాక్స్ షాపుకు వెళ్ళింది. షాపు నడిపే ఆయనను వీధిలో అందరం బాబాయ్ అనే పిలుస్తాం. పెళ్ళి పత్రికలూ కరపత్రాలూ కంప్యూటర్ మీద కొడతాడు.

"తమ్ముడూ, నీ కంప్యూటర్ ఒకటి పొద్దున పూట నాకివ్వాలి" అంది పెద్దమ్మ.

"షాపు తెరిచేది తొమ్మిదింటికి కదక్కా. ఆరింటి నుంచి నీదే. నా ముఖమే కాస్త నిద్ర ముఖం, దాన్ని చూసి భయపడకూడదు."

"నీ ముఖం ఎవరు చూస్తారు, కీబోర్డు చూసుకోవడానికే దిక్కులేదు."

బాబాయ్ తప్పిన కాగితం చూశాడు. ఒక్క నవ్వు నవ్వి, "ఇన్‌స్క్రిప్ట్ అని పరీక్ష ఫారంలో టిక్కు పెట్టావా?" అన్నాడు.

"అందరూ అదే పెట్టారు."

"ఫారంలో ఇంకోటి ఉంటుందే, టైప్‌రైటర్ అని. మెషిన్ మీద మీటలు ఎక్కడున్నాయో కంప్యూటర్‌లోనూ అక్కడే ఉంటాయి. దాన్నెందుకు పెట్టలేదక్కా?"

పెద్దమ్మ తప్పిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. తరవాత నెమ్మదిగా అంది. "శిక్షణకొచ్చినాయన అన్నాడు, అది పాతవాళ్ళ కోసం, చేతకానివాళ్ళ కోసం అని. అందరి ముందూ అన్నాడు. స్టెనో గారు పక్కనే ఉన్నారు. ఆయనా నేనూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరాం. ఆయన ఇన్‌స్క్రిప్ట్ టిక్కు పెట్టాడు. నేను మాత్రం పాతదాన్నని రాసివ్వనా?"

"నేనైతే మూడో రకం కీబోర్డు మీద కొడతాను" అన్నాడు బాబాయ్. "ఈ పిల్ల ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పిస్తుంది. తలో దారి. నీ పరీక్షలో ఉన్నవి రెండే. ఫారం ఎప్పుడివ్వాలి?"

"శుక్రవారం."

"ఇవాళ మంగళవారం. రెండూ కొట్టి చూడు. గడియారం నేను పడతాను, తప్పులు ఈ పిల్ల లెక్కపెడుతుంది."

ముందు ఇన్‌స్క్రిప్ట్. పది నిమిషాలకు పెద్దమ్మ మెడ మీద చెమట. నిమిషానికి పద్నాలుగు మాటలే. ఆరు వారాల ముందు పది, ఇప్పుడు పద్నాలుగు. ఆ లెక్కన ముప్పై రావాలంటే ఇంకెన్ని వారాలో నేను మనసులో వేసుకుని పైకి అనలేదు.

తరవాత బాబాయ్ ఏవో నొక్కి టైప్‌రైటర్ కీబోర్డు పెట్టాడు. పెద్దమ్మ చేతులు మీటల మీద ఆనించింది. ఒక్క క్షణం ఆగింది. అంతే, వాన పడ్డట్టు మొదలైంది. ఆ చప్పుడు నేను చిన్నప్పటినుంచి ఎరుగుదును. సెలవుల్లో నేను ఆమె ఆఫీసుకు వెళ్తే వరండాలోంచే అది పెద్దమ్మ గదని తెలిసేది. పంక్తి చివరికి వచ్చిందనుకున్నప్పుడు ఎడమ చేయి గాలిలోకి లేచింది, బండిని తోసే కడ్డీ కోసం. కడ్డీ లేదు. బాబాయ్ టీ గ్లాసు ఉంది.

"నా గ్లాసు!" అన్నాడు బాబాయ్.

"గ్లాసు అక్కడెవడు పెట్టమన్నాడు!" అని పెద్దమ్మ ఆపకుండా కొడుతూనే ఉంది.

ముప్పై ఒకటి. మొదటిసారే నిమిషానికి ముప్పై ఒకటి. పెద్దమ్మ ముఖం విప్పారింది. నేను తప్పులు లెక్కపెట్టాను. నలభై. పరీక్షలో పదిహేనుకు మించకూడదు. ఆ ముఖం మళ్ళీ ముడుచుకుంది.

"చూశావా, ఇటు వేగం లేదు, అటు ఒప్పు లేదు. రెంటికీ చెడ్డ రేవడిని."

ఆ కాగితం నేను ఇంటికి తెచ్చుకుని, అన్నం వండుతూ పెన్సిలుతో తప్పులను రకాలుగా విడదీశాను. నలభైలో పదిహేడు క్రావడివి. క్రావడి ఉన్నచోట రెండేసి పడ్డాయి. పంతొమ్మిది 'ణ', 'ళ'లవి. 'ణ' ఉండాల్సిన చోట 'ళ', 'ళ' ఉండాల్సిన చోట 'ణ'. ఒక్కచోట కూడా సరిగ్గా పడలేదు. మిగిలినవి నాలుగే. అవి ఎవరికైనా వచ్చేవి.

క్రావడి సంగతి నాకు ఆ పూటే తెలిసింది. కంప్యూటర్‌లో క్రావడి కొట్టగానే తెర మీద ఏమీ రాదు. తరవాతి అక్షరం కొట్టేదాకా అది లోపల కాచుకుని ఉంటుంది. పెద్దమ్మ తెర వైపు చూస్తోంది, ఏమీ రాలేదని ఇంకోసారి కొడుతోంది. మెషిన్ మీద కొడుతున్నంతసేపూ ఆమె కాగితం వైపు చూసేది కాదు. కళ్ళు చూసి కొట్టాల్సిన ప్రతి మీద, వేళ్ళు మీటల మీద. తెర వచ్చి ఆ అలవాటు చెడగొట్టింది.

'ణ', 'ళ'ల సంగతి మాత్రం అంతుబట్టలేదు. అడగాలంటే జంకు. ఇరవై ఏడేళ్ళ టైపిస్టును పట్టుకుని, నీకు 'ణ' ఎక్కడుందో తెలీదా అని పదో తరగతి మానేసిన పిల్ల ఎలా అడుగుతుంది? బుధవారమంతా ఆ కాగితం కొంగున కట్టుకు తిరిగాను. గురువారం కూడా. ఆ రెండు రోజులూ ఆమె రోజూ అవే తప్పులు చేస్తూ రోజూ ఇంకాస్త కుంగిపోతూ ఉంది. గురువారం సాయంత్రం, "రేపు ఇన్‌స్క్రిప్టే టిక్కు పెడతానే. తప్పితే మొదటిసారిలాగే స్టెనో గారితోబాటు తప్పుతాను, నవ్వేవాడు ఉండడు" అంది.

అప్పుడు నోరు విప్పక తప్పలేదు.

"పెద్దమ్మా, కోప్పడకు. నీకు వేరే తప్పులేం లేవు. రెండే తప్పులున్నాయి."

"నలభైని రెండంటావేంటే?"

కాగితం ముందు పెట్టాను. పెన్సిలు గీతలు చూసింది. 'ణ'లూ 'ళ'లూ చూసింది. చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి నుదురు కొట్టుకుంది.

"ఓసి నా మతిమరుపూ! ఇది నా తప్పు కాదే. మేస్త్రీది!"

పదకొండేళ్ళ కిందట గదికి సున్నం వేయిస్తూ మెషిన్ను బల్ల మీదనుంచి పడేశారట. రెండు కడ్డీల చివర అచ్చు ముక్కలు ఊడిపోయాయి. టైపు మెషిన్లు బాగుచేసే మేస్త్రీ వచ్చి అతికించాడు. దానిది దీనికీ, దీనిది దానికీ పెట్టి అతికించాడు. అతను మళ్ళీ వచ్చేది ఆరు నెలలకు. ఈలోపు వారం రోజుల్లో పెద్దమ్మ చేయి కొత్త దారికి అలవాటు పడింది. వచ్చాక మారుస్తానంటే, వద్దు పోవయ్యా, ఇప్పుడు మళ్ళీ ఎక్కడ మార్చుకోను అంది.

"అందుకేగా నా మెషిన్ మీద ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు" అంది పెద్దమ్మ, ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది. "స్టెనో గారు ఒకసారి కూర్చుని 'కల్యాణం' కొట్టబోయి 'కల్యాళం' కొట్టాడు. ఆఫీసంతా నవ్వారు."

"అయితే పెద్దమ్మా, ఇన్‌స్క్రిప్ట్‌లో కీబోర్డు అంతా కొత్తగా నేర్చుకోవాలి. టైప్‌రైటర్‌లో రెండు మీటలు మార్చుకుంటే చాలు."

ఆమె కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "ఈ మాట మంగళవారమే చెప్పొచ్చుగా?"

నేను తల దించుకున్నాను. ఆ రెండు రోజులు మళ్ళీ రావు. అది నాకూ తెలుసు.

శుక్రవారం పెద్దమ్మ టైప్‌రైటర్ టిక్కు పెట్టింది. ఆఫీసులో ఏం జరిగిందో వచ్చి చెప్పింది. స్టెనో గారు పక్కనే నిలబడి ఫారంలోకి తొంగిచూశాడట.

"ఏంటక్కగారూ, వెనక్కి నడుస్తున్నారా?"

"నువ్వు కూడా ఒకసారి కొట్టి చూడు. నీ చేయీ నాలాంటిదే. చూశాకే టిక్కు పెట్టు."

"మన తరవాత వచ్చినమ్మాయి ఇన్‌స్క్రిప్ట్‌లో పాసయింది కదా."

"ఆ అమ్మాయి మెషిన్ మీద కూర్చుంది మూడేళ్ళు. మరిచిపోవడానికి ఆమెకేముంది? మనకు ఇరవై ఏడేళ్ళుంది."

ఆయన నవ్వి ఇన్‌స్క్రిప్ట్ టిక్కు పెట్టాడట.

మిగిలింది పన్నెండు రోజులు. బాబాయ్‌ను 'ణ', 'ళ'లు కంప్యూటర్‌లో అటూ ఇటూ మార్చి పెట్టమని అడిగాం. ఇక్కడ మార్చగలను కానీ పరీక్ష కంప్యూటర్‌లో ఎవరూ మార్చనివ్వరు, ఇక్కడ సుఖపడితే అక్కడ ఏడుస్తావు అన్నాడు. అది నిజం. ముందు క్రావడి సంగతి చూద్దామని మేం తెరకు తువ్వాలు కప్పాం. నేను పక్కన కూర్చుని నీటి పన్ను నోటీసు చదివేదాన్ని, ఆమె కొట్టేది. చూడటానికి ఏమీ లేకపోయేసరికి క్రావడి రెండుసార్లు పడటం మూడో రోజుకే ఆగిపోయింది. తువ్వాలు తీసి చూసినప్పుడు పెద్దమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

'ణ', 'ళ'లు మాత్రం మొండికేశాయి. కణం, గళం, కళ, గణం, తాళం, తృణం అని పేజీలకు పేజీలు కొట్టించాను. నెమ్మదిగా కొడితే ఒప్పు, వేగం పెంచితే తప్పు. ఒక్కోరోజు మూడు, ఒక్కోరోజు పన్నెండు. ఏడో రోజున పద్దెనిమిది పడ్డాయి. ఆ రోజు ఆమె చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

"ఏంటక్కా, వేళ్ళకు చలా?" అన్నాడు బాబాయ్.

"కొడతాను వీటిని" అంది వేళ్ళనే.

పదో రోజుకు తప్పులు నాలుగుకు దిగాయి. వేగం ముప్పై మూడు. పరీక్ష ముందురోజు పొద్దున ఒక్కటే తప్పు. బాబాయ్ టీ తెప్పించాడు, గ్లాసు మాత్రం కిటికీలో పెట్టుకున్నాడు.

పరీక్ష రోజున నేనూ వెళ్ళాను. ఆఫీసు పై అంతస్తులో పొడవాటి గది, బయట వరండాలో బల్ల. గది కిటికీ రెక్క ఒకటి సరిగా పడదు, ఆ సందులోంచి పెద్దమ్మ వీపూ, కుడి మోచేయీ కనిపిస్తున్నాయి. ఆమెకు అటు రెండో కుర్చీలో స్టెనో గారు. మొత్తం ఐదుగురు. సూపరింటెండెంటు మేడమ్ చేతిలో గడియారం పట్టుకుని నిలబడింది.

"పది నిమిషాలు. మూడు వందల మాటలకు తగ్గకూడదు, తప్పులు పదిహేను దాటకూడదు. మొదలుపెట్టండి."

పెద్దమ్మ చప్పుడు వెంటనే అందుకుంది. మిగతావాళ్ళవి టిక్కుటిక్కుమని ఆగి ఆగి పడుతుంటే, ఆమెది మాత్రం ఒకే ధార. నేను కొంగు కొస వేలికి చుట్టుకుంటూ గోడ గడియారం చూస్తున్నాను. ఒక నిమిషం. రెండు. మూడు.

నాలుగో నిమిషంలో చప్పుడు ఆగింది.

ముందు కాగితం తిప్పుతోందేమో అనుకున్నాను. కాదు. మోచేయి కదలడం లేదు. ఆమె తల ఎత్తి తెరవైపు చూస్తోంది. తెర వైపు చూడకూడదని పన్నెండు రోజులు చెప్పుకున్నాం కదా, ఎందుకు చూస్తోంది? పది సెకన్లు. ఇరవై. స్టెనో గారు కూడా ఓసారి తల తిప్పి చూశాడు. ముప్పై. లోపలికి వెళ్ళి అడగలేను, అరవలేను. కిటికీ సందుకు కన్ను ఆనించాను.

నలభై సెకన్ల తరవాత ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. కానీ ధార పోయింది. కాసేపు పరిగెడుతోంది, ఒక్కచోట అడుగు తడబడ్డట్టు ఆగుతోంది, మళ్ళీ పరిగెడుతోంది. అలా ఎన్నిసార్లు ఆగిందో నేను వేళ్ళమీద లెక్కపెట్టాను. ఎందుకో నాకు తెలియదు, ఏదో ఒకటి లెక్కపెట్టకపోతే అక్కడ నిలబడలేకపోయాను. ఎనిమిదో నిమిషం. తొమ్మిది. ధార మళ్ళీ చిక్కబడింది. ఆగడం ఇప్పుడు చెవికి పట్టి వింటేనే తెలుస్తోంది.

"చేతులు తీయండి" అంది మేడమ్.

పెద్దమ్మ బయటకు వచ్చి బల్ల మీద నా పక్కన కూలబడింది. పెదవులు ఎండిపోయాయి. సీసాలో నీళ్ళిస్తే సగం మీద పోసుకుంది.

"ఏమైంది పెద్దమ్మా?"

"సహకార సంఘం గురించి ఇచ్చారే" అంది. "పేరా అయ్యాక పేజీ పైకి తోసి ఓ చూపు చూస్తాం కదా, మెషిన్ మీద అలవాటు. అలా తలెత్తాను. తెర నిండా సంఠం, సంఠం, సంఠం. ఏంటిదని మెదడు మొద్దుబారిపోయింది."

నాకు అర్థం కాలేదు. ఆమె రెండు వేళ్ళు చూపించింది.

"ఒక్కో అచ్చు ముక్క మీద రెండు గుర్తులుంటాయే, పిచ్చిదానా. కిందది మామూలుగా, పైది షిఫ్టు పట్టుకుంటే. మేస్త్రీ ముక్కలు మార్చాడంటే కింద 'ణ', 'ళ'లే కాదు, పైన 'ఘ', 'ఠ'లు కూడా మారిపోయినట్టే. మనం కిందవే చూసుకున్నాం. నీటి పన్ను నోటీసులో 'ఘ' ఎక్కడుంది?"

నిజమే. నేను చదివిన నోటీసుల్లో కుళాయిలూ పైపులూ మీటర్లూ తప్ప ఒక్క సంఘమూ లేదు. నా పెన్సిలు గీతల్లో ఆ రెండు అక్షరాలూ ఒక్కసారైనా లేవు. ఉంటే కనిపించేవి. షిఫ్టుతో ఏమవుతుందని నేను అడగలేదు. ఆ మేస్త్రీ గురించి చెప్పినప్పుడే అడగాల్సింది.

"మరేం చేశావ్?"

"ముందు వెనక్కెళ్ళి దిద్దుదామనుకున్నా. దిద్దడం నాకు చేతకాదు, అక్కడే ఇంకో నిమిషం పోతుంది. ఎన్నున్నాయో లెక్కపెట్టా. తొమ్మిది. వాటిని వాటి ఖర్మకు వదిలేశాను. మిగతా పేరాలు కళ్ళతో ఓసారి పరిగెత్తించి, సంఘం వచ్చే చోట్లన్నీ చూసిపెట్టుకున్నా. వచ్చినప్పుడల్లా వేలును చెవి పట్టుకుని పక్క మీట మీదికి తీసుకెళ్ళాను. పదకొండుసార్లు."

నేను లెక్కపెట్టిన తడబాట్లు కూడా పదకొండే.

"తొమ్మిది తప్పులు అప్పుడే పడ్డాయి" అంది మళ్ళీ. "మిగిలింది ఆరు. ఆరులోపు ఉందో లేదో నాకు తెలీదు. మూడు వందలు దాటానో లేదో కూడా తెలీదు. నలభై సెకన్లంటే ఇరవై మాటలు పోయినట్టే."

ఫలితాలు అరగంటలో అన్నారు. గంట పట్టింది. ఆ గంటలో స్టెనో గారు మాకు ఎదురు బల్ల మీద కూర్చుని బూట్ల వైపు చూసుకుంటూ ఉన్నాడు. ఒకసారి పెద్దమ్మ సీసా అందించింది. తాగి తిరిగిచ్చాడు.

మేడమ్ బయటకు వచ్చి నిలబడి చదివింది. స్టెనో గారిది ముందు. నూట డెబ్భై నాలుగు మాటలు. ఆమె తప్పుల లెక్క చదవబోతే ఆయన చేయి అడ్డం పెట్టి, "చాలు మేడమ్" అన్నాడు.

తరవాత పెద్దమ్మది.

"మూడు వందల ఆరు మాటలు" అంది మేడమ్. పేజీ తిప్పింది. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళ బలం నాకు అప్పుడు తెలిసింది, మర్నాటిదాకా గుర్తులున్నాయి. "తప్పులు పద్నాలుగు."

ఇంకా ఏవో మాటలు చెప్పింది మేడమ్. పెద్దమ్మకు వినబడలేదు. "పద్నాలుగా?" అంది రెండుసార్లు. "పద్నాలుగే కదమ్మా?"

"పద్నాలుగే. అందులో తొమ్మిది ఒకే మాట. అదేంటండీ, సంఠం?"

"మేస్త్రీ పేరు మేడమ్" అంది పెద్దమ్మ, నవ్వుతూ ఏడుస్తూ. మేడమ్‌కు అర్థం కాలేదు.

మర్నాడే స్టెనో గారి బల్ల ఖాళీ అయింది. వెనక తపాలా గదిలోకి తన స్టూలు తనే మోసుకెళ్ళాడట. పెద్దమ్మ ఆ సాయంత్రం పాసయిన మనిషి వచ్చినట్టు ఇంటికి రాలేదు. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది.

"చెప్పాను కదే ఆయనకు. ఒకసారి కొట్టి చూడమని చెప్పాను. చూపించి ఉండాల్సింది. నాకు మీరు కూర్చోబెట్టి చూపించారు కాబట్టి తెలిసింది."

వచ్చే నెలలో బ్రాంచి ఆఫీసుల టైపిస్టులకు ఇదే పరీక్ష. ఎనిమిది మంది. అందరూ ఇరవై ఏళ్ళకు పైగా మెషిన్ మీద కొట్టినవాళ్ళే. పెద్దమ్మ మేడమ్ దగ్గరికి వెళ్ళి, టిక్కు పెట్టే ముందు వాళ్ళకు రెండు కీబోర్డుల మీదా పది పది నిమిషాలు కొట్టే అవకాశం ఇవ్వమని అడిగింది. ఒక అర్జీ రాసివ్వమంది మేడమ్. రాసిచ్చింది. ఇంకొకటి కూడా అడిగింది. బ్రాంచీలనుంచి తెచ్చి మూలన పడేసిన వాళ్ళ టైపు మెషిన్లను ఓ ఆదివారం స్టోరు గదిలోంచి బయటకు తీయించమని.

ఆ ఆదివారం నన్ను కూడా తీసుకెళ్ళింది. ఎనిమిది మెషిన్లు దుమ్ముతో బల్లల మీద వరసగా ఉన్నాయి. ఎనిమిది మంది గోడకానుకుని నిలబడ్డారు. స్టెనో గారు కూడా వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు. తెల్ల కాగితాల కట్ట తెచ్చి ఒక్కో మెషిన్‌లో ఒక్కోటి ఎక్కించడం మొదలుపెట్టాడు.

"మీ మెషిన్ ఎప్పుడైనా పడిందా? మేస్త్రీ ఏమైనా ముట్టుకున్నాడా?" అని పెద్దమ్మ మొదటి ఆవిడను అడిగింది.

"ఎప్పుడో అతికించాడండీ. ఎక్కడో గుర్తులేదు."

"గుర్తుండదు. చేతికి తెలుస్తుంది, మనకు తెలీదు. పైవరస మొదలుకొని ఒక్కో మీటా కొట్టండి. ముందు మామూలుగా, తరవాత షిఫ్టు పట్టుకుని. ఈ పిల్ల కంప్యూటర్‌లోని టైప్‌రైటర్ కీబోర్డు బొమ్మ పట్టుకుని పక్కన నిలబడుతుంది. తేడా ఉన్నచోట గీత పెడుతుంది."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను పెన్సిలు చెక్కుకున్నాను.

"షిఫ్టు మరిచిపోకండి" అన్నాను. అంతమంది ముందు నేను మొదటిసారి గొంతెత్తి అన్న మాట అదే. ఎవరూ నవ్వలేదు. ఆవిడ చిటికెన వేలితో షిఫ్టు నొక్కిపట్టి మొదటి మీట కొట్టింది.